నేల టికెట్టుకు చోటెక్కడ?

మా పట్టణంలోని పాత సినిమా హాలు గేటుకు తాళం పడి నాలుగు నెలలయింది. యజమాని కుటుంబం ఇప్పుడు దాన్ని కూల్చడానికి అనుమతి కోరుతూ మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుంది. ఆ స్థలంలో కింద దుకాణాలు, పైన ఏసీ కల్యాణ మండపం వస్తాయట. వార్త తెలిసినప్పటినుంచి ఊరివాళ్ల ఫోన్లలో జ్ఞాపకాల వరద పారుతోంది. ఎవరి సినిమా ఎన్ని రోజులు ఆడిందీ, ఏ హీరో కటౌటుకు ఎన్ని గజాల పూలదండ వేసిందీ, ఎవరి పెళ్లిచూపులు ఏ ఆటలో జరిగిందీ అందరూ తవ్వి తీస్తున్నారు. ఆ వేడుకలో నాకు పెద్దగా భాగం లేదు. హాలు పేరు కూడా ఇక్కడ రాయను. నా తగాదా ఒక కుటుంబంతో కాదు. ఇలాంటి హాలు కృష్ణా డెల్టాలో రైలు ఆగే ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంది, లేదా నిన్నమొన్నటి దాకా ఉంది. దాన్ని కూల్చకూడదని నేను అనడానికి కారణం వేరు. అది కులం గురించి, ఒక ఊళ్లో ఎవరు ఏ గుమ్మం దాటగలరన్న దాని గురించి.

నేను మాదిగపల్లెలో పుట్టాను. మా నాన్న పాలేరు. మా ఊరి కాఫీ హోటల్లో మాకు విడిగా గ్లాసులు ఉండేవి. తాగాక కడిగి, చూరు కింద బోర్లించి రావాలి. రామాలయం అరుగు వరకు వెళ్లిన జ్ఞాపకం కూడా లేదు. చెరువులో మా రేవు వేరు. ఊళ్లో ఏ గుమ్మం దగ్గర నిలబడినా ముందు వినిపించే ప్రశ్న ఒక్కటే, ‘ఎవరి తాలూకురా?’ అని. ఆ ప్రశ్నకు చెప్పే జవాబును బట్టే మనిషి ఎక్కడ ఆగాలో, ఎంత దూరంలో నిలబడాలో తేలేది.

పట్టణంలో ఆ హాలు బుకింగు దగ్గర ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగే వీలు లేదు. నేల టికెట్టు బుకింగంటే గోడలో పిడికిలి పట్టేంత కన్నం. మనిషి ఒక్కడే పట్టే ఇనుప చువ్వల సందులోంచి ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లి, ఆ కన్నంలో చెయ్యి పెట్టాలి. లోపల గుమాస్తాకు కనిపించేది చిల్లర పట్టుకున్న చెయ్యి మాత్రమే. ఒకేసారి మూడు నాలుగు చేతులు దూరేవి. ఆ చేతుల్లో ఏది మాలపల్లెదో, ఏది గొల్లపాలెందో, సినిమా పిచ్చితో ఇంట్లో చెప్పకుండా వచ్చిన రైతుబిడ్డ చెయ్యి ఏదో ఆయనకు తెలియదు, అక్కర్లేదు. పలచటి గులాబిరంగు కాయితం ముక్క చేతిలో పడేది. దాన్ని పట్టుకుని మా నాన్న వెనక గేటు దాటిన రోజు నాకు ఎనిమిదేళ్లు. ఎవరినీ అడగకుండా ఒక పెద్ద భవనంలోకి నేను వెళ్లడం అదే మొదలు.

ఇందులో నా ఒక్కడి అనుభవమే ఉందని ఎవరైనా అనుకుంటే, శ్రీలంక తమిళ పండితుడు కార్తికేసు శివతంబి 1981లో తమిళ సినిమా మీద రాసిన చిన్న పుస్తకం చూడమంటాను. తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చుని చూసిన మొదటి ప్రదర్శన స్థలం సినిమా హాలేనని ఆయన గుర్తించాడు. అక్కడ మనిషి ఎక్కడ కూర్చోవాలన్నది పుట్టుకను బట్టి కాక కొనుక్కునే శక్తిని బట్టి తేలిందని చెప్పాడు. డబ్బును బట్టి కూర్చోబెట్టడం గొప్ప న్యాయమేమీ కాదు. కానీ డబ్బు మనిషి చేతిలోకి రావచ్చు, పోవచ్చు. నాట్ల కూలి వచ్చిన వారం మా అమ్మ నేల వదిలి బెంచీ టికెట్టు కొన్నది. రామాలయం గర్భగుడి ముందు నిలబడటానికి ఏ కూలీ, ఎన్ని నాట్లు వేసినా సరిపోయేది కాదు.

ఆంధ్రదేశపు చరిత్రలో రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. 1917 నవంబరులో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. తాము పంచములం కాము, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని చాటిన సభ అది. పంచములు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారు. నాలుగేళ్ల తర్వాత, 1921లో, అదే బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు కట్టాడు. ఆంధ్రలో శాశ్వత సినిమా హాళ్లలో మొదటిదిగా దాన్ని చెబుతారు. ఆయన సంఘసంస్కరణ కోసం కట్టలేదు, వ్యాపారం కోసం కట్టాడు. వ్యాపారానికి చేతులు కావాలి, వాటిలో చిల్లర ఉంటే చాలు. గుడి తలుపు మూసుకున్న ఊళ్లో, వ్యాపారం తన అవసరం కొద్దీ ఇంకొక తలుపు తెరిచింది. మన హక్కుల చరిత్రలో ఇలాంటి అర్థణా తలుపులు చాలా ఉన్నాయి. రైలు పెట్టె కూడా అలాంటిదే.

అయితే లోపల కులం లేదని నేను అనడం లేదు. ఆ మాట అంటే అబద్ధమవుతుంది. పైగా మా ప్రాంతం వాళ్లకు ఆ అబద్ధం చెప్పే హక్కు అసలు లేదు. 1991లో చుండూరులో జరిగింది సినిమా హాలు నుంచే మొదలైంది. హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ఒక అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే. దాని మీద గొడవ, కొట్టడం, దళితవాడ తన కుర్రవాడి పక్షాన నిలబడటం, తర్వాత వాడ మొత్తం మీద సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది.

చుండూరును తలచుకునేవాడు సినిమా హాలును ఎలా వెనకేసుకొస్తాడని ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఇది. ఆ కాలు గుడిలో తగలలేదు, ఎందుకంటే ఆ కాలు గుడిలోకి వెళ్లేదే కాదు. పెదకాపు ఇంటి అరుగు మీద తగలలేదు, అక్కడ ఆ యువకుడు కూర్చునేవాడే కాదు. ఎక్కడ ఇద్దరూ ఒకే ధర పెట్టి, ముందూ వెనకా సీట్లలో కూర్చునే పరిస్థితి ఉందో అక్కడే తగిలింది. దళిత యువకుడు కాళ్లు ముడుచుకుని, ఒదిగి కూర్చోవలసిన అవసరం లేదనుకున్న మొదటి చోటు అది. అవతలివాడికి కోపం తెప్పించింది కాలు కాదు, ఆ ఒదగకపోవడం. పంటపొలంలో, చెరువు రేవులో, కాఫీ హోటల్లో కులం ముందే గీతలు గీసి పెట్టింది కాబట్టి అక్కడ తగాదాకు చోటే లేదు. హాల్లో గీత లేదు కాబట్టి తగాదా వచ్చింది. తగాదా వచ్చిన చోటును కూల్చేసి, గీతలున్న చోట్లను పదిలంగా ఉంచుకోవడం ఎవరికి లాభం?

రాజ్యాంగ రచయితలకు ఈ సంగతి స్పష్టంగా తెలుసు. 15వ అధికరణంలోని రెండో క్లాజు చదవండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రజా వినోద స్థలాలను అది పేరు పెట్టి చెబుతుంది. కులం కారణంగా ఏ పౌరుడినీ అక్కడికి రాకుండా ఆపకూడదంటుంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఇంకొక అడుగు వేసి, అలా ఆపడాన్ని శిక్షార్హమైన నేరం చేసింది. అంటే స్థలం ఎవరి సొంతమైనా, సినిమా హాలు ప్రజల రాకపోకలకు సంబంధించిన చోటుగా చట్టంలో నమోదైంది. బావి వరసలో, రోడ్డు వరసలో దానికి స్థానం దొరికింది.

ఇప్పుడు దాని స్థానంలో రాబోతున్న దాన్ని చూద్దాం. కల్యాణ మండపం. మన పట్టణాల్లో కల్యాణ మండపాలు ఎలా వెలుస్తున్నాయో, వాటి ముఖద్వారాల మీద ఏ సంఘాల పేర్లు ఉంటున్నాయో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక్కొక్క కులానికీ ఒక్కొక్క మండపం, ఒక వసతిగృహం, ఒక విగ్రహం. ఏ సంఘానికీ చెందని ప్రైవేటు మండపమైనా సరే, దాని గుమ్మం దాటడానికి కావలసింది టికెట్టు కాదు, శుభలేఖ. శుభలేఖ చుట్టరికం వెంట నడుస్తుంది. మన దేశంలో చుట్టరికమంటే కులమే. చట్టం కూడా అక్కడ చేతులు కట్టుకుని నిలబడవలసిందే, పెళ్లికి ఎవరిని పిలవాలో ఏ సెక్షనూ చెప్పలేదు. ‘ఎవరి తాలూకు?’ అని అడగని ఒక భవనం పోయి, ఆ ప్రశ్నతోనే తలుపు తెరుచుకునే భవనం వస్తోంది. ఆ పెళ్లిళ్లలో మా వాళ్లకు ప్రవేశం ఉండదని కాదు. ఉంటుంది, వెనక గుమ్మంలోంచి, ఎంగిలాకులు ఎత్తడానికి.

ఇక మా వాళ్లలోనే వినిపించే గట్టి అభ్యంతరానికి వస్తాను. ఆ హాలు మనదా? కట్టింది భూస్వామి, ఆడించింది ఆయన కులపు హీరోల సినిమాలు, గల్లాపెట్టె దగ్గర కూర్చుంది ఆయన బావమరిది. మరుగుదొడ్డి కడిగింది మాత్రం మన వాళ్లు. 1938లో ‘మాలపిల్ల’ వచ్చిన తర్వాత తెర మీద మనం మనుషుల్లా కనబడిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ల ఆస్తి, వాళ్లు కూల్చుకుంటారు, మనమెందుకు ఏడవాలి? ఈ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అభిమాన సంఘాల పేరుతో మన కుర్రవాళ్లు ఇంకొకరి కులగౌరవం కోసం తలలు పగలగొట్టుకున్నదీ ఆ హాలు ముందే. కానీ ఆస్తి ఎవరిదన్నది ఒక ప్రశ్న, వాడుక ఎవరిదన్నది ఇంకొకటి. ఊరి చెరువు తవ్వించింది మన తాతలు కాదని మనం నీళ్ల హక్కు వదులుకోలేదు. మహద్ చెరువు దగ్గర అంబేడ్కర్ దోసిట నీళ్లు తీసుకున్నప్పుడు ఆ చెరువు ఎవరు కట్టించారన్నది ప్రశ్న కాలేదు. యాభై ఏళ్లు రోజుకు నాలుగు ఆటల చొప్పున నేల టికెట్టు కొన్న చేతులు ఆ భవనం ఖర్చును తిరిగి కట్టాయి.

ఆర్థిక సంగతి దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. హాలు ఉన్నదున్నట్టుగా నడవదు. దానిలో 640 సీట్లున్నాయి. పెద్ద హీరో సినిమా మొదటి మూడు రోజులు తప్ప ఆ సీట్లు నిండవు. మిగతా రోజుల్లో ఆటకు నలభై మంది వచ్చారనుకుందాం, సగటు టికెట్టు 30 రూపాయలనుకుందాం. నాలుగు ఆటలకు కలిపి 4,800 రూపాయలు. అందులో పంపిణీదారు వాటా తీయాలి, డిజిటల్ ప్రదర్శన సంస్థకు కట్టవలసింది కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, ఆపరేటర్, గేటు మనుషులు, ఊడ్చేవాళ్లు కలిపి ఐదుగురికి జీతాలివ్వాలి. మిగిలేదేమీ ఉండదు. యజమాని చెప్పే నష్టం నిజమే. అయితే ఆ నష్టం 640 సీట్ల నష్టం, సినిమా హాలు అనేదాని నష్టం కాదు. నలభై మందికి 640 సీట్ల భవనాన్ని వెలిగించడంలో వచ్చే నష్టం. బాల్కనీకి అడ్డగోడ కట్టి 150 సీట్ల చిన్న హాలు చేయవచ్చు. కింద తెర వైపు 120 సీట్ల ఇంకొకటి మిగుల్చుకోవచ్చు. రోడ్డు వైపు భాగమంతా దుకాణాలకు ఇచ్చుకోవచ్చు. బాల్కనీని విడదీసి రెండో తెర చేసుకున్న హాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దుకాణాల అద్దె యజమానికి వస్తుంది, గుమ్మం ఊరికి మిగులుతుంది. ఉదయం ఆట లేని వేళల్లో కింది హాలును సభలకు అద్దెకిస్తే, ఏ కులసంఘం గడపా తొక్కకుండా మీటింగు పెట్టుకోవడానికి విద్యార్థి సంఘాలకు కూడా ఒక చోటు దొరుకుతుంది. ప్రస్తుతం మా పట్టణంలో అలాంటి చోటు లేదు.

మల్టీప్లెక్సు ఉంది కదా అంటారు. అది గుంటూరులోనో విజయవాడలోనో ఉంది. రానూపోనూ బస్సు ఛార్జీ టికెట్టుకు మించిపోతుంది. రెండో ఆట చూసి తిరిగి రావడానికి బస్సు ఉండదు. పొద్దుట పొలం, సాయంత్రం వంట ముగించుకున్న పల్లె ఆడవాళ్లకు మిగిలేది రెండో ఆటే. ధరల సంగతిలో ప్రభుత్వం చేసింది ఒకటుంది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో కనీస ధరను 20 రూపాయలుగా పెట్టి, సీట్లలో నాలుగో వంతు తక్కువ ధర తరగతికి ఉంచాలంది. అంతకుముందు ఏడాది పెట్టిన ఐదు రూపాయల ధరతో చిన్న హాళ్లు మూతపడతాయని గగ్గోలు పుట్టాక వచ్చిన సవరణ అది. ఆ నాలుగో వంతే ఈనాటి నేల టికెట్టు. కానీ హాలే లేకపోతే నాలుగో వంతు దేనిలో? టికెట్టు ధర మీద అంత పోట్లాడిన రెండు పక్షాలూ హాళ్లు నేలమట్టమవుతుంటే ఒక్క మాటా అనలేదు.

చట్టంలో ఒక వింత ఉంది. సినిమా హాళ్ల క్రమబద్ధీకరణ చట్టం 1955 నాటిది. దాని కింద చేసిన నిబంధనల ప్రకారం, కొత్తగా హాలు కట్టడానికి స్థలానికి నిరభ్యంతర పత్రం ఇచ్చే ముందు ప్రజల అభ్యంతరాలు అడుగుతారు. బడి పక్కన వద్దనో, గుడి పక్కన వద్దనో ఎవరైనా చెప్పవచ్చు. అదే హాలును మూసి కూల్చేటప్పుడు ఎవరినీ అడగరు. లైసెన్సు గడువు తీరగానే ప్రజా వినోద స్థలం కాస్తా సొంత ఇల్లుతో సమానమవుతుంది. మున్సిపాలిటీ పట్టణ ప్రణాళికా విభాగం దాన్ని పాత పెంకుటిల్లు కూల్చివేత లాగే చూస్తుంది. వారసత్వ కట్టడాల చట్టాన్ని ఆశ్రయిద్దామంటే, కేంద్ర పురావస్తు చట్టం దృష్టిలో పడాలంటే భవనానికి వందేళ్లు నిండాలి. కోటలకు, గుళ్లకు, మహళ్లకు వందేళ్లు సులువుగా నిండుతాయి. మా తరగతుల మనుషులు కాలుపెట్టగలిగిన భవనాలన్నీ నిన్నమొన్నటివి. వాటికి వందేళ్లు నిండేలోపే కూల్చేస్తారు. వారసత్వం అనే మాటకు కూడా కులం ఉందనడానికి ఇంతకు మించి రుజువు అక్కర్లేదు.

కాబట్టి మా మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చిన కోరికలు ఇవి. కూల్చివేత అనుమతిని బహిరంగ విచారణ జరిగే వరకు ఆపాలి. ఆ విచారణ దళితవాడలకు దండోరా వేయించి మరీ జరపాలి, నోటీసు బోర్డుకు కాయితం అంటించి చేతులు దులుపుకుంటే కుదరదు. పాత హాలు స్థలంలో ఏం కట్టినా కొంత భాగం టికెట్టు మీద అందరికీ ప్రవేశం ఉండే ప్రదర్శనశాలగా ఉండాలన్న షరతు పెట్టాలి. ముంబయి నగర అభివృద్ధి నిబంధనల్లో ఇలాంటి షరతు ఉంది కాబట్టి ఇది ఆకాశంలోంచి ఊడిపడిన ఆలోచన కాదు. దానికి బదులుగా యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇస్తే నాకు అభ్యంతరం లేదు. ఆయన నష్టపోవాలని నేను కోరుకోవడం లేదు.

దరఖాస్తు తీసుకున్న గుమాస్తా దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ‘మీకు ఆ ఆస్తిలో వాటా ఉందాండీ?’ అని మర్యాదగానే అడిగాడు. లేదన్నాను. అయితే ఏ హోదాలో ఇస్తున్నారో రాయమన్నాడు. ‘ప్రేక్షకుడు’ అని రాశాను. అలాంటి గడి ఫారంలో లేదన్నాడు, అయినా స్టాంపు వేసి రసీదు ఇచ్చాడు.

ఇంకొక కాయితం విడిగా ఇచ్చాను. హాలు మూసిన రోజునుంచి జీతం అందని ఇద్దరు ఊడ్చే ఆడవాళ్లు మా పల్లెవాళ్లు. ఒకామె ఇరవై రెండేళ్లు ఆ మెట్లు తుడిచింది. హాలు ఉన్నా, మండపం వచ్చినా, ఆమెకు రావలసిన బాకీ ముందు తేల్చాలని అందులో రాశాను. ఆ దరఖాస్తు మున్సిపాలిటీది కాదు, కార్మిక శాఖకు ఇవ్వమని పంపారు. రేపు అక్కడికి వెళ్తున్నాం.